టాస్క్, డెలివరబుల్, మైల్‌స్టోన్: చెన్నై తీరంలో బావి నీళ్ళ ప్రాజెక్టుతో లెక్క తేల్చుకుందాం

ప్రశ్న: "చెన్నైలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఈమధ్యే ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరానండి. తీరం వెంబడి భూగర్భజలాలు ఉప్పెక్కడం మీద మూడేళ్ళ ప్రాజెక్టుకి ప్రపోజల్ రాస్తున్నాం. టైమ్‌లైన్ పట్టిక నన్ను నింపమన్నారు. 'లిటరేచర్ రివ్యూ పూర్తి' అని మైల్‌స్టోన్ కింద, 'శాంపిల్ కలెక్షన్' అని డెలివరబుల్ కింద, 'డేటా అనాలిసిస్ 50%' అని మళ్ళీ మైల్‌స్టోన్ కింద రాశాను. సార్ మూడూ కొట్టేసి, తేడా తెలుసుకుని రమ్మన్నారు. నాకైతే మూడూ ఒకటే అనిపిస్తున్నాయి. తేడా ఏమిటి?"

టాస్క్ అంటే మీరు చేసే పని. డెలివరబుల్ అంటే ఆ పని వల్ల తయారై, ఫలానా వాళ్ళ చేతికి అప్పగించే వస్తువు. మైల్‌స్టోన్ అంటే ఫలానా తేదీన ఆగి చూసుకుంటే "అయిందా, కాలేదా" అన్నది ఒక్క మాటలో తేలిపోయే పరిస్థితి.

టాస్క్‌కి రోజులు, మనుషులు, డబ్బు ఖర్చవుతాయి. డెలివరబుల్‌కి పుచ్చుకునేవాళ్ళు ఒకరుండాలి. మైల్‌స్టోన్‌కి ఖర్చూ ఉండదు, వ్యవధీ ఉండదు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వాడేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. ఒక వరసకి వ్యవధి సున్నా అని కొడితే చాలు, సాఫ్ట్‌వేర్ దాన్ని మైల్‌స్టోన్‌గా తీసుకుని, పొడుగు పట్టీ బదులు చిన్న డైమండ్ గుర్తు పెడుతుంది.

ఇక్కడితో ఆపేస్తే మీకు మళ్ళీ మూడూ ఒకటే అనిపిస్తాయి. నిర్వచనాలు చదివేటప్పుడు అందరికీ అర్థమవుతాయి, పట్టిక ముందు కూర్చుంటేనే చిక్కు. నేనూ చెన్నైలోనే నీటి ప్రాజెక్టుల్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ప్రపోజళ్ళు రాశాను, వేరేవాళ్ళవి చూసి పెట్టాను. మీ విషయం కూడా నాకు దగ్గరదే. కాబట్టి మూడేళ్ళ ప్రాజెక్టు మొత్తం కాకుండా అందులో ఒక్క ముక్క తీసుకుంటాను: వానాకాలానికి ముందు చేసే మొదటి రౌండ్ శాంప్లింగ్. ఆ ఒక్క ముక్కలో మూడూ ఎలా విడిపోతాయో కనబడితే మిగతాది మీరే నింపగలరు.

తిరువాన్మియూరు నుంచి దక్షిణంగా ఈసీఆర్ వెంబడి 48 బావులు ఎంచుకున్నారనుకుందాం. ఇటు సముద్రం, అటు బకింగ్‌హాం కాలువ, నడుమ ఇసుక నేల. అపార్ట్‌మెంట్ల బోర్లు కొన్ని, పాత ఇళ్ళ చేద బావులు కొన్ని. మే నెలాఖరులో నీటిమట్టం బాగా పడిపోయినప్పుడు ఒక రౌండ్, ఈశాన్య రుతుపవనాలు అయిపోయాక జనవరిలో ఇంకో రౌండ్. ఈ రెండింటినీ పోల్చి, ఎక్కడ సముద్రం లోపలికొస్తోందో, ఎక్కడ వాన నీళ్ళు దాన్ని వెనక్కి నెడుతున్నాయో చెప్పడమే ప్రాజెక్టు సారాంశం. మీది కూడా దాదాపు ఇలాగే ఉంటుందని నా ఊహ.

ముందు టాస్కులు. బావి దగ్గర నిజంగా జరిగే పని చూడండి. మోటారు వేసి నీళ్ళు వదులుతారు. నీళ్ళ విద్యుత్ వాహకత చూపే ఈసీ మీటరు పెట్టి, వరసగా మూడు రీడింగులు ఒకటే వచ్చేదాకా ఆగుతారు. అప్పుడు గానీ పైపులో నిలవున్న నీళ్ళు పోయి బావి నీళ్ళు వస్తున్నట్టు కాదు. ఉష్ణోగ్రత, పీహెచ్ అక్కడే రాసుకుంటారు. 0.45 మైక్రాన్ ఫిల్టరులోంచి పోసి ఎ, బి అని రెండు సీసాలు నింపుతారు. ఎ సీసాలో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి పీహెచ్ రెండు కంటే దిగువకి తెస్తారు. సోడియం, కాల్షియం లాంటివి తేల్చడానికి అది. బి సీసాలో యాసిడ్ వేయరు. క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్ కోసం దాన్ని గాలి చేరకుండా అంచుదాకా నింపి ఐస్ పెట్టెలో పెడతారు. బైకార్బొనేట్ తేల్చే ఆల్కలినిటీ టైట్రేషన్ వీలైతే అక్కడే గట్టు మీద కూర్చుని చేసేస్తారు. లేదంటే అదే సాయంత్రం ల్యాబ్‌లో.

ఇవన్నీ టాస్కులే. ఒక్కోదానికీ చేసే మనిషి ఉన్నాడు, పట్టే సమయం ఉంది. కానీ ప్రపోజల్ పట్టికలో ఇంత చిన్న ముక్కలు పెట్టకండి. అక్కడ "బావుల ఎంపిక, యజమానుల అనుమతి", "ప్రీ-మాన్సూన్ శాంప్లింగ్", "ల్యాబ్ విశ్లేషణ" అని మూడు వరసలు చాలు. సీసాలు, చుక్కలు, ఐస్ పెట్టె మీ ఫీల్డ్ నోట్‌బుక్‌లో ఉండాలి. టాస్క్ ఎంత పెద్దదుండాలి అంటే నాకు తెలిసిన కొలత ఒక్కటే: దాని ఎదురుగా ఒక మనిషి పేరు రాయగలగాలి. ఇద్దరి పేర్లు రాయాల్సొస్తే అది రెండు టాస్కులు. ఎవరి పేరూ తోచకపోతే అది టాస్క్ కాదు, కోరిక.

మీరు "శాంపిల్ కలెక్షన్" అని డెలివరబుల్ కింద రాశారు. అది చేసే పని, కాబట్టి టాస్క్. ఫండింగ్ ఏజెన్సీకి మీరు శాంపిల్ కలెక్షన్‌ని పంపలేరు కదా! సీసాలు కూడా పంపరు.

మరి పంపేదేమిటి? డేటాసెట్. అదీ "డేటా" అని ఒక్క ముక్క రాసేస్తే సరిపోదు. పుచ్చుకునేవాళ్ళని కళ్ళముందు పెట్టుకుని రాయాలి. ఈ ప్రాజెక్టులో భూగర్భజల మోడల్ చేసే భాగస్వామి బృందం బెంగళూరులో ఉందనుకోండి. మీ ఫైలు వాళ్ళకి వెళ్తుంది. వాళ్ళకి ఏం కావాలి? ఒక్కో బావికీ అక్షాంశ రేఖాంశాలు, లోతు, నేల మట్టం నుంచి నీళ్ళెంత కింద ఉన్నాయో, శాంపిల్ తీసిన తేదీ, ఒక్కో అయాన్ గాఢత, దాని యూనిట్, ఏ పరికరంతో తేల్చారో, పరికరం పట్టుకోగల కనిష్ఠ పరిమితి. "కనబడలేదు" అన్న చోట సున్నా వేశారా, ఖాళీ వదిలారా అన్నది కూడా. సున్నాకీ ఖాళీకీ తేడా తెలియక మోడల్ చేసేవాళ్ళు పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

కాబట్టి పట్టికలో డెలివరబుల్ ఇలా ఉంటుంది: "48 బావుల ప్రీ-మాన్సూన్ నీటి రసాయన డేటాసెట్, వివరణ పత్రంతో సహా, మోడలింగ్ బృందానికీ ఏజెన్సీకీ." ఒప్పుకోలుకి నేను పెట్టే షరతు సులువైనది. అవతలివాళ్ళు ఫైలు తెరిచి, మీకు ఫోను చేయకుండా పని మొదలుపెట్టగలగాలి. ఒక్క ప్రశ్నకైనా ఫోను వచ్చిందంటే డెలివరబుల్ ఇంకా పూర్తి కాలేదన్నమాట.

డెలివరబుల్ అంటే రిపోర్టే అనుకుంటారు చాలామంది. డేటాసెట్, మ్యాప్, కోడ్, శాంప్లింగ్ పద్ధతి రాసిన ప్రోటోకాల్, పంచాయతీ వాళ్ళకి తమిళంలో రాసిచ్చే రెండు పేజీల సమాచారం, ఇవన్నీ డెలివరబుల్సే. దానికి పేరుండాలి, రూపం ఉండాలి, వెళ్ళే చిరునామా ఉండాలి.

ఇక మైల్‌స్టోన్. కష్టమంతా ఇక్కడే, అందుకే ఎక్కువసేపు ఆగుతాను.

"ప్రీ-మాన్సూన్ శాంప్లింగ్ పూర్తి" అని చాలామంది రాస్తారు. చూడ్డానికి బాగానే ఉంది, అవునా కాదా అని అడగొచ్చు కూడా. కానీ 48 బావులూ తిరిగి సీసాలు నింపుకొచ్చినంత మాత్రాన చేతిలో పనికొచ్చే డేటా ఉన్నట్టు కాదు. నీటి రసాయనంలో దీనికి ఒక పరీక్ష ఉంది. నీళ్ళలో ధనావేశం ఎంతుందో ఋణావేశం కూడా అంతే ఉండి తీరాలి. ల్యాబ్ అంకెల్ని లీటరుకి మిల్లీఈక్వివలెంట్లలోకి మార్చి, కాటయాన్లు ఒకవైపు, యానయాన్లు ఒకవైపు కూడితే రెండూ దగ్గర దగ్గరగా రావాలి. దీన్ని చార్జ్ బ్యాలెన్స్ ఎర్రర్ అంటారు.

```
CBE (%) = (Σcations − Σanions) / (Σcations + Σanions) × 100
```

ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం లోపు వస్తే ఆ శాంపిల్ విశ్లేషణని మామూలుగా ఒప్పుకుంటారు.

ఒక బావి చూద్దాం, అంకెలు నేను ఉదాహరణకి పెట్టినవి. లీటరుకి సోడియం 230 మి.గ్రా., కాల్షియం 80, మెగ్నీషియం 36.5, పొటాషియం 7.8. మిల్లీఈక్వివలెంట్లలో ఇవి 10, 4, 3, 0.2. మొత్తం 17.2. అటువైపు క్లోరైడ్ 355 మి.గ్రా., బైకార్బొనేట్ 305, సల్ఫేట్ 48, నైట్రేట్ 15.5. ఇవి 10, 5, 1, 0.25. మొత్తం 16.25. తేడా 0.95, రెండు మొత్తాలూ కలిపితే 33.45. ఎర్రర్ సుమారు 2.8 శాతం. ఈ శాంపిల్ పాసయింది.

ఇదే బావిలో ఆల్కలినిటీ టైట్రేషన్ ఆ రోజు చేయకుండా, సీసా రెండు మూడు రోజులు ఎండలో కారు డిక్కీలో ఉండిపోయిందనుకోండి. నీళ్ళలోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కార్బొనేట్ సీసా గోడలకి తెల్లగా పేరుకుంటుంది. దానితోపాటు బైకార్బొనేట్ తగ్గిపోతుంది. 305 కాస్తా 214 దగ్గర తేలిందనుకుందాం, అంటే 3.5 మిల్లీఈక్వివలెంట్లు. కాల్షియం మాత్రం తగ్గినట్టు కనబడదు, ఎందుకంటే దాన్ని తేల్చింది యాసిడ్ వేసిన ఎ సీసాలోంచి. ఇప్పుడు యానయాన్ల మొత్తం 14.75. ఎర్రర్ 7.7 శాతం. ఫెయిల్.

గమనించండి, ఎర్రర్ ప్లస్ వైపుకి పోయింది. ఒకే రోజు తీసిన ఏడెనిమిది బావులు కలిసికట్టుగా ప్లస్ వైపు ఫెయిలయ్యాయంటే తప్పు బావుల్లో లేదు, ఆ రోజు టైట్రేషన్ ఆలస్యమైందని ముందు అనుమానించాలి. అలా కాకుండా అక్కడొకటి ఇక్కడొకటి, రెండు వైపులా ఫెయిలైతే ల్యాబ్‌లో డైల్యూషన్ దగ్గర వెతకాలి. క్లోరైడ్ బాగా ఎక్కువున్న నీళ్ళని పరికరం పరిధిలోకి తేవడానికి పలుచన చేస్తారు, ఆ గుణకం పొరపాటున వేరే శాంపిల్‌కి వేయడం మామూలే.

కాబట్టి మైల్‌స్టోన్ నేనైతే ఇలా రాస్తాను: "జూలై 31 నాటికి, 48 ప్రీ-మాన్సూన్ శాంపిళ్ళలో కనీసం 44 చార్జ్ బ్యాలెన్స్ ఎర్రర్ ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం లోపు ఉన్నాయి." ఇందులో పని ఏదీ లేదు, అప్పగించేదీ లేదు. ఉన్నది ఒక స్థితి మాత్రమే. ఎవరడిగినా స్ప్రెడ్‌షీట్‌లో ఆ కాలమ్ చూసి అవును లేదా కాదు అని చెప్పేయొచ్చు.

జూలై 31 ఎందుకు? మీ సార్ అడగబోయేది ఇదే. శాంప్లింగ్ జూన్ మొదటి వారానికి అయిపోతుంది, ల్యాబ్ పనికి ఇంకో ఆరు వారాలు. ఆ లెక్కన జూలై మూడో వారం వస్తుంది, కాస్త వెసులుబాటు వేసుకుంటే నెలాఖరు. కానీ అసలు కారణం వేరే ఉంది. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మూడో వారం ప్రాంతంలో మొదలవుతాయి, చెన్నైకి ఏడాది వానలో ఎక్కువ భాగం అప్పుడే. అవి ఒకసారి మొదలయ్యాక ప్రీ-మాన్సూన్ నీళ్ళు ఎంత డబ్బు పెట్టినా దొరకవు, మళ్ళీ వచ్చే ఏడాదే. జూలై 31న "కాదు" అని తేలితే ఆగస్టు, సెప్టెంబరు ఇంకా చేతిలో ఉంటాయి, ఫెయిలైన బావులకి మళ్ళీ వెళ్ళొచ్చు. జూలై నుంచి సాయంత్రాలు పడే వానల వల్ల అవి మే నెల నీళ్ళంత కచ్చితమైనవి కావు. అయినా ఆ సంగతి రాసి వాడుకోవచ్చు. అదే మైల్‌స్టోన్‌ని డిసెంబరులో, వార్షిక నివేదికకి కలిసొస్తుందని పెట్టుకున్నారనుకోండి. "కాదు" అని తేలాక చేయగలిగింది ఏమీ లేదు, ఏడాది పోయినట్టే.

మైల్‌స్టోన్ తేదీ ఎంచుకునేటప్పుడు పని ఎప్పుడవుతుందో ఒక్కటే చూస్తే చాలదు. కాకపోతే సర్దుకోవడానికి ఆఖరి అవకాశం ఎప్పుడో చూసి, దానికి ముందే పెట్టాలి. కాదని తేలినప్పుడు ఏం చేస్తారో ఒక్క వాక్యం రాయలేకపోతే ఆ మైల్‌స్టోన్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నేను ప్రపోజళ్ళు చూసేటప్పుడు ముందు వెతికేది ఈ వాక్యమే, పదింటిలో తొమ్మిదింట్లో కనబడదు.

డెలివరబుల్, మైల్‌స్టోన్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. అవి విడిపోయిన సందర్భాలు చూస్తే తేడా మర్చిపోరు. నాకు తెలిసినవి రెండు చెప్తాను.

ఒక ప్రాజెక్టులో మొదటి డెలివరబుల్ "శాంప్లింగ్ బావుల మ్యాప్". అనుకున్న తేదీకే రంగులతో, స్కేలుతో చక్కటి మ్యాప్ ఇచ్చేశారు. కమిటీ మెచ్చుకుంది. నెల తిరక్కుండా ఫీల్డుకి వెళ్తే మ్యాప్‌లో ఉన్న బావుల్లో మూడో వంతు దగ్గర గేటు దాటనివ్వలేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకి భయం. నీళ్ళు బాగోలేవని రిపోర్టు వస్తే ఫ్లాట్ల ధరలు పడిపోతాయని. అంటే డెలివరబుల్ చేరింది, కానీ కావాల్సిన స్థితి రాలేదు. అక్కడ "యజమానుల రాతపూర్వక అనుమతి ఉన్న బావులు కనీసం 48" అని ఒక మైల్‌స్టోన్ ఉండి ఉంటే మ్యాప్ గీయకముందే ఈ సంగతి తేలేది. అనుమతి కాగితంలో "మీ భవనం పేరు ఎక్కడా బయట పెట్టం" అన్న వాక్యం చేర్చాక చాలామంది ఒప్పుకున్నారట. ఆ వాక్యం మీ ఫారంలో మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

రెండోది దీనికి తిరగేసిన కేసు. డేటా అంతా బ్రహ్మాండంగా వచ్చింది, బ్యాలెన్సులు సరిపోయాయి, మైల్‌స్టోన్ దాటామని రాసుకున్నారు. డేటాసెట్ మాత్రం "తర్వాత సర్దుదాం" అని వదిలేశారు. శాంపిళ్ళు తీసిన జేఆర్ఎఫ్‌కి విదేశంలో పీహెచ్‌డీ సీటు వచ్చి వెళ్ళిపోయింది. ఫైల్లో `W17_PRE` అని ఉంది, ఆ పదిహేడో బావి ఏ వీధిలో ఏ ఇంట్లో ఉందో చెప్పే పట్టిక ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో ఉంది. నోట్‌బుక్ దొరికేసరికి జనవరి రౌండ్‌కి వెళ్ళే సమయం దాటిపోతోంది. స్థితి వచ్చింది, వస్తువు చేతులు మారలేదు. మన ప్రాజెక్టుల్లో మనుషులు ఏడాది తిరగ్గానే వెళ్ళిపోవడం మామూలు కాబట్టి, డెలివరబుల్ తేదీని మైల్‌స్టోన్ తేదీ నుంచి నెలకి మించి దూరం జరపకూడదంటాను. ఈ ప్రాజెక్టులో అయితే ఆగస్టు 31.

ఇప్పుడు మీ పట్టికకి వద్దాం.

"లిటరేచర్ రివ్యూ పూర్తి". లిటరేచర్ రివ్యూ టాస్క్. దానికి "పూర్తి" అన్న మాట తగిలించినంత మాత్రాన మైల్‌స్టోన్ అయిపోదు, ఎందుకంటే చదవడం ఎప్పటికీ పూర్తికాదు. మీంజూరు వైపు ఉప్పునీరు చొరబడటం గురించి దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు, అదంతా చదివి ముగించేవాళ్ళెవరు? అయితే ఆ చదువు వల్ల ఒక నిర్ణయం తేలాలి. ఏ బావులు, ఏ లోతులు, ఏయే అయాన్లు, బ్రోమైడ్ కూడా తేల్చాలా వద్దా అన్నది. ఉప్పదనం సముద్రం నుంచి వచ్చిందా, మురుగు నుంచి వచ్చిందా విడదీయడానికి క్లోరైడ్, బ్రోమైడ్ నిష్పత్తి పనికొస్తుంది. సముద్రపు నీళ్ళలో అది బరువు లెక్కన 290 దగ్గర ఉంటుంది. మురుగు కలిసిన నీళ్ళలో అంతకంటే బాగా ఎక్కువ, మనం తినే ఉప్పులో బ్రోమైడ్ దాదాపు ఉండదు కాబట్టి. బ్రోమైడ్ కావాలంటే దాన్ని తేల్చగలిగే అయాన్ క్రొమటోగ్రఫీ చోటు ముందే చూసుకోవాలి. కాబట్టి మైల్‌స్టోన్ "బావుల జాబితా, కొలవాల్సిన అయాన్ల జాబితా ఖరారై, పీఐ సంతకం అయింది" అని. రివ్యూ నుంచి వచ్చే డెలివరబుల్ కావాలంటే "పాత అధ్యయనాల్లోని బావుల అంకెల పట్టిక" అని పెట్టండి. మోడలింగ్ వాళ్ళకి అది నిజంగా పనికొస్తుంది.

"డేటా అనాలిసిస్ 50%". ఇది మూడింటిలో ఏదీ కాదు. 50 శాతం అయిందో లేదో ఎలా తేలుస్తారు? 24 బావుల అంకెలు వచ్చాయంటే సగమా? ల్యాబ్ అయ్యి గ్రాఫులు గీయకపోతే సగమా? శాతాలు టాస్కు ఎంతవరకు నడిచిందో మీలో మీరు చెప్పుకోవడానికి బాగుంటాయి, సోమవారం మీటింగుకి సరిపోతాయి. పట్టికలో మైల్‌స్టోన్ గడిలో శాతం కనబడితే మీ సార్ కొట్టేయడం న్యాయమే.

మూడేళ్ళ ప్రాజెక్టుకి మైల్‌స్టోన్లు ఆరో ఏడో చాలు. ప్రతి నెలకీ ఒకటి పెట్టి ఇరవై ముప్పై చేస్తే దేన్నీ ఎవరూ పట్టించుకోరు. మీ పట్టికకి నా సూచన: బావులూ అయాన్లూ ఖరారు, మనుషులూ పరికరాలూ సిద్ధం, మొదటి ప్రీ-మాన్సూన్ డేటా పాస్, మొదటి పోస్ట్-మాన్సూన్ డేటా పాస్, మోడల్ కొలిచిన నీటిమట్టాలకి సరిపోలింది, రెండో ఏడాది అంకెల మీద మోడల్ నిలబడింది. రెండోది చూడ్డానికి ఆఫీసు పనిలా ఉంది కానీ తీసేయకండి. నియామకాలకి, జెమ్ పోర్టల్‌లో కొనుగోళ్ళకి పట్టే సమయం మన ప్రాజెక్టుల్లో మొదటి ఏడాదిని ఎంత మింగేస్తుందో మీకే తెలుస్తుంది. ఏప్రిల్ 15 నాటికి జేఆర్ఎఫ్ చేరకపోతే, ఈసీ మీటరు రాకపోతే ఆ మే నెల పోయినట్టే. అప్పుడు ఏం చేయాలో కూడా రాసుకోవచ్చు: పక్క ల్యాబ్ నుంచి మీటరు అరువు, 48 బదులు 24 బావులతో మొదటి రౌండ్.

మీ చేతిలో లేనివి మైల్‌స్టోన్‌గా పెట్టకండి. "జర్నల్‌లో పేపరు అంగీకారం" అని రాస్తారు, అది ఎడిటరు చేతిలో, రివ్యూయర్ల చేతిలో ఉంది. "మాన్యుస్క్రిప్ట్ సమర్పించాం" అనేది డెలివరబుల్‌గా పెట్టొచ్చు, అది మీ చేతిలోదే.

డబ్బు సంగతి ఒకటి కలిసిపోతూ ఉంటుంది కాబట్టి చెప్తాను. ప్రభుత్వ గ్రాంటులో తర్వాతి విడత రావాలంటే ఖర్చుల పట్టికా, జీఎఫ్ఆర్ 12-ఎ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్టూ పంపాలి. వాటిని కొందరు డెలివరబుల్స్ జాబితాలో చేరుస్తారు. పంపాల్సినవే, తేదీ ఉన్నవే, కానీ అవి పరిశోధన వల్ల పుట్టినవి కావు. వాటికి అకౌంట్స్ సెక్షన్‌తో కలిసి వేరే క్యాలెండరు పెట్టుకోండి. కలిపేస్తే చివరికి సర్టిఫికెట్లన్నీ వేళకి వెళ్ళిపోయి, పట్టిక అంతా పచ్చగా కనబడుతుంది, డేటాసెట్ మాత్రం ఉండదు.

ఫారం విషయానికొస్తే, మన ఏజెన్సీల్లో చాలావాటికి పనుల కాలపట్టిక మైల్‌స్టోన్లతో సహా బార్ చార్టుగా ఇస్తే సరిపోతుంది, డెలివరబుల్స్‌కి వేరే గడి ఉండకపోవచ్చు. అప్పుడు చార్టు కింద చిన్న పట్టికగా ఇవ్వండి, ఎవరూ వద్దనరు. యూరప్ వాళ్ళ హొరైజన్ ప్రాజెక్టుల్లో మైల్‌స్టోన్ పక్కన "ఎలా నిర్ధారిస్తారు" అని ఒక కాలమ్ ఉంటుంది. అడగని చోట కూడా నేను ఆ కాలమ్ చేరుస్తాను. మీ మొదటి ప్రీ-మాన్సూన్ మైల్‌స్టోన్ ఎదురుగా అక్కడ "డేటా ఫైలులో చార్జ్ బ్యాలెన్స్ కాలమ్, పీఐ పరిశీలన" అని వస్తుంది. ఆ గడిలో "ప్రోగ్రెస్ రిపోర్ట్" అని తప్ప ఇంకేమీ తోచకపోతే మైల్‌స్టోన్‌ని మళ్ళీ రాయాలి.

కొన్నిసార్లు రెండూ ఒకే తేదీన ఒకే వస్తువు మీద పడతాయి. శాంప్లింగ్ ప్రోటోకాల్ అలాంటిది. ప్రోటోకాల్ పత్రం డెలివరబుల్, దాన్ని రెండు బృందాలూ ఒప్పుకోవడం మైల్‌స్టోన్. రెండు వరసలుగా రాయండి, తేదీ ఒకటే వేసినా పర్లేదు. బెంగళూరు వాళ్ళు మూడో సీసా కూడా కావాలన్నారనుకోండి. పత్రం ఇచ్చేసినా ఒప్పుకోలు రాలేదు కాబట్టి మే నెలలో సీసాలు కొనే ముందు మీరు ఆగాల్సి ఉంటుంది. పట్టికలో ఒకే వరస ఉంటే ఆ ఆగాల్సిన చోటు కనబడదు.

సవరించిన పట్టిక సార్‌కి చూపించాక ఇక్కడే పెట్టండి, బావుల అనుమతి ఫారం వాక్యాలు కావాలంటే అవి కూడా రాస్తాను.